గిఫ్ట్ దేశం దాటక్కర్లేదు, ఎంపిక దాటితే చాలు

ప్రశ్న: మాది గచ్చిబౌలి ఆఫీసు. టీమ్‌లో పద్నాలుగు మందిమి. హైదరాబాద్‌లో ఆరుగురం, డాలస్‌లో ముగ్గురు, లండన్‌లో ఇద్దరు, బెర్లిన్, సింగపూర్, మెల్‌బోర్న్‌లలో ఒక్కొక్కరు. డిసెంబరులో సీక్రెట్ శాంటా, అంటే చీటీలో పేరు వచ్చినవాళ్లకి ఎవరిచ్చారో తెలియకుండా గిఫ్ట్ ఇచ్చే ఆట, పెట్టే పని నా మీద పడేశారు. తలా 1,500 రూపాయలు అనుకున్నాం. కొరియర్ వాళ్లని అడిగితే గిఫ్ట్ కంటే పంపే ఖర్చే ఎక్కువ చెబుతున్నారు. కస్టమ్స్ వాళ్లు ఏం అడుగుతారోనని బెర్లిన్ అతను ఇప్పటి నుంచే టెన్షన్ పడుతున్నాడు. ఎవరికీ నష్టం లేకుండా, సరదా పోకుండా ఎలా నడపాలి? ఇంతకు ముందు చేసినవాళ్లు చెప్పండి.

సమాధానం:

పార్శిల్‌ని దేశం దాటించకండి. ఎవరికి ఏం కొనాలన్న ఆలోచన మాత్రం దాటనివ్వండి. కొనడం, డెలివరీ రెండూ అందుకునేవాళ్ల దేశంలోనే జరగాలి. డబ్బు కూడా దేశం దాటక్కర్లేదు. అదెలాగో కింద చెబుతాను. అందులో చిన్న లెక్క ఉంది, అది తెలిశాక నాకు ఈ పని తలనొప్పిగా అనిపించడం మానేసింది.

మొదటిసారి నేనూ మీలాగే పార్శిళ్లతోనే మొదలుపెట్టాను. 2019 డిసెంబరు. మా టీమ్ అప్పటికి తొమ్మిది మంది. నాకు చీటీలో మెల్‌బోర్న్ అమ్మాయి పేరు వచ్చింది. శిల్పారామంలో కొండపల్లి ఏనుగు అంబారీ కొన్నాను, 1,200 రూపాయలు. పొణికి చెక్క కదా, చేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. కిలో కూడా లేదు, పెద్దగా ఖర్చవదనుకుని కొరియర్ ఆఫీసుకి వెళ్లాను. తొండం, అంబారీ గొడుగు విరగకుండా చుట్టూ థర్మాకోల్ పెట్టి వాళ్లే ప్యాక్ చేశారు. తీరా చూస్తే పెట్టె 40 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 25 ఎత్తు. కౌంటర్‌లో కుర్రాడు టేపు పెట్టి కొలిచి, మూడూ గుణించి 5,000తో భాగించాడు. ఆరు. "సార్, ఇది ఆరు కిలోలు" అన్నాడు. తూకంలో తొమ్మిది వందల గ్రాములు చూపిస్తున్న వస్తువుని ఆరు కిలోలు అంటే నవ్వొచ్చింది, బిల్లు చూశాక నవ్వు పోయింది. 5,400 రూపాయలు.

ఇది మోసం కాదు, అంతర్జాతీయ కొరియర్లలో మామూలు లెక్క. విమానంలో పెట్టె ఎంత చోటు తింటుందో అదీ చూస్తారు, తూకమూ చూస్తారు, రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటారు. కాబట్టి కొరియర్ ధర అడిగేటప్పుడు బరువు చెబితే సరిపోదు, ప్యాక్ చేశాక పెట్టె కొలతలు కూడా చెప్పాలి. మీకు చెప్పిన రేటు కిలో లెక్కనైతే అసలు బిల్లు ఇంకా పెరుగుతుందనుకోండి.

ఏనుగు కథ అక్కడితో అయిపోలేదు. చెక్క, గింజలు, ఆకులు, పాలతో చేసినవి అంటే ఆస్ట్రేలియా వాళ్లకి గట్టి పట్టింపు. చెక్కలో పురుగు ఉంటే వాళ్ల అడవులకి, పంటలకి ముప్పని తనిఖీకి ఆపుతారు. మా ఏనుగునీ ఆపారు. క్రిస్మస్‌కి చేరాల్సింది ఫిబ్రవరిలో చేరింది. గిఫ్ట్‌లు విప్పే కాల్‌లో అందరూ ఒక్కొక్కటీ చూపిస్తుంటే ఆ అమ్మాయి ట్రాకింగ్ పేజీ స్క్రీన్ షేర్ చేసింది. జోక్‌గానే చేసింది గానీ నాకు తల కొట్టేసినట్టయింది.

అదే నెలలో డాలస్ నుంచి మా హైదరాబాద్ కుర్రాడికి ఒక కాఫీ మగ్ బయలుదేరింది. 18 డాలర్ల వస్తువు, పెట్టె మీద గిఫ్ట్ అని రాసి పంపారు. మాకు తెలియనిదేంటంటే, 2019 డిసెంబరు 12న మన విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ నోటిఫికేషన్ ఇచ్చింది. పోస్టులో గానీ కొరియర్‌లో గానీ గిఫ్ట్ పేరుతో సుంకం లేకుండా వస్తువులు తెప్పించుకోవడం కుదరదంది. మినహాయింపు రెండింటికే, ప్రాణాలు కాపాడే మందులు, రాఖీలు. రాఖీ అంటే రాఖీ మాత్రమే, దాంతోపాటు పంపే స్వీటు, చొక్కా కాదు. పూర్తి సుంకం కడితే గిఫ్ట్ తెప్పించుకోవచ్చు. మా కుర్రాడికి ముందు కేవైసీ పత్రాలు పంపమని మెయిల్ వచ్చింది, తర్వాత బిల్లు వచ్చింది. సుంకం, కొరియర్ వాళ్ల సర్వీసు ఛార్జీ కలిపి 1,100 రూపాయలు. గిఫ్ట్ అందుకోవడానికి తనే డబ్బు కట్టిన మనిషి మొహం ఎలా ఉంటుందో నేను చూశాను. దాని కంటే గిఫ్ట్ ఇవ్వకపోవడమే నయం.

"అయితే డబ్బా మీద గిఫ్ట్ అని కాకుండా తక్కువ విలువ రాస్తే సరి" అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. వినకండి. కస్టమ్స్ వాళ్లకి ఆన్‌లైన్ ధర చూసుకోవడం ఎంతసేపు. పట్టుబడితే ఇరుక్కునేది పంపినవాడు కాదు, అక్కడ అందుకునేవాడు.

మీ బెర్లిన్ అతని టెన్షన్‌లో నిజం ఉంది. యూరోపియన్ యూనియన్‌లో బయటి దేశం నుంచి వచ్చే గిఫ్ట్‌కి 45 యూరోల దాకా, బ్రిటన్‌లో 39 పౌండ్ల దాకా పన్ను ఉండదు. చూడ్డానికి మీ 1,500 రూపాయలు ఆ లోపే ఉన్నాయి కదా అనిపిస్తుంది. కానీ ఆ మినహాయింపు ఒక వ్యక్తి ఇంకో వ్యక్తికి పంపితేనే. మీరు హైదరాబాద్‌లో కూర్చుని ఇక్కడి వెబ్‌సైట్‌లో ఆర్డర్ పెట్టి నేరుగా బెర్లిన్‌కి పంపిస్తే, పంపినవాడు దుకాణం అవుతాడు. కంపెనీ కొరియర్ అకౌంట్ మీద పంపిస్తే కంపెనీ అవుతుంది. రెండూ గిఫ్ట్ లెక్కలోకి రావు. టీమ్ గిఫ్ట్ ఎక్స్ఛేంజ్‌లలో ఎక్కువమంది ఇక్కడే బోల్తా పడతారు, ఎందుకంటే ఆఫీసు కొరియర్ ఉంది కదా అని దాన్నే వాడతారు.

అమెరికా సంగతి చూడండి. 800 డాలర్ల లోపు సరుకుకి సుంకం లేదన్న సౌకర్యం ఏళ్ల తరబడి ఉండేది. 2025 ఆగస్టు 29 నుంచి అన్ని దేశాలకీ దాన్ని ఎత్తేశారు. వ్యక్తి పంపే 100 డాలర్ల లోపు గిఫ్ట్‌కి మాత్రం మినహాయింపు మిగిలింది. అయినా ఆ గందరగోళంలో మన పోస్టాఫీసులు అమెరికాకి పార్శిళ్లు తీసుకోవడం ఆపేసి, అక్టోబరులో మళ్లీ మొదలుపెట్టాయి. 2019లో ఇక్కడ, 2025లో అక్కడ, రెండుసార్లూ రూలు వారాల వ్యవధిలో మారింది. ఈ రోజు మీరు ఆరు దేశాల రూల్స్‌తో ఒక షీట్ తయారు చేసుకున్నా, పార్శిల్ దారిలో ఉండగానే అది పాతబడిపోవచ్చు.

ఇప్పుడు ఆ చిన్న లెక్క.

గిఫ్ట్ ఎక్స్ఛేంజ్‌లో ప్రతి మనిషీ ఒకటి ఇస్తాడు, ఒకటి తీసుకుంటాడు. డాలస్‌లో ముగ్గురు ఉన్నారంటే, డాలస్ వాళ్లు ఇచ్చే గిఫ్ట్‌లు మూడు, డాలస్‌కి రావాల్సిన గిఫ్ట్‌లూ మూడే. చీటీలు ఎలా పడినా ఈ లెక్క మారదు. హైదరాబాద్ నుంచి ఆరు పోవాలి, ఆరు రావాలి. బెర్లిన్‌కి ఒకటి, ఒకటి. అంటే ఏ దేశంవాళ్ల డబ్బు ఆ దేశంలోనే ఒకచోట వేసుకుంటే, ఆ దేశానికి రావాల్సిన గిఫ్ట్‌లకి అది సరిగ్గా సరిపోతుంది. డాలస్ అతను బెర్లిన్ అతనికి గిఫ్ట్ ఇస్తున్నాడనుకోండి. ఏం కొనాలో డాలస్ అతనే ఎంచుకుంటాడు, కానీ అతని డాలర్లు డాలస్‌లోనే ఇంకొకరి గిఫ్ట్‌కి ఖర్చవుతాయి. బెర్లిన్ గిఫ్ట్‌కి బెర్లిన్ అతను వేసిన యూరోలు ఖర్చవుతాయి. మన పెళ్లిళ్లలో చీరకి చీర పెట్టుకున్నట్టే అనుకోండి, కాకపోతే చీర ఎంచేది అవతలివాళ్లు.

దీనికి చీటీల బదులు గొలుసు పద్ధతి మంచిది. షీట్‌లో పద్నాలుగు పేర్లు ఒక వరసలో రాసి, పక్క వరసలో ఇది వేయండి:

```
=RAND()
```

ఆ అంకెల ప్రకారం పేర్లు సార్ట్ చేయండి. సార్ట్ అవ్వగానే ఆ అంకెలు మళ్లీ మారతాయి, పట్టించుకోకండి, పేర్ల వరసని వేరే చోటికి కాపీ చేసుకుంటే చాలు. ఇక ప్రతి ఒక్కరూ తన కింద ఉన్నవాళ్లకి ఇస్తారు, ఆఖరివాళ్లు మొదటివాళ్లకి ఇస్తారు. ఎవరి పేరు వాళ్లకే రావడం అనే గొడవ ఉండదు. ఉదాహరణకి మీ వరస ఇలా పడిందనుకుందాం: హైదరాబాద్, డాలస్, బెర్లిన్, హైదరాబాద్, లండన్, హైదరాబాద్, సింగపూర్, డాలస్, హైదరాబాద్, మెల్‌బోర్న్, డాలస్, లండన్, హైదరాబాద్, హైదరాబాద్. ఇందులో డాలస్ ముగ్గురూ బెర్లిన్‌కి, హైదరాబాద్‌కి, లండన్‌కి ఇస్తున్నారు. డాలస్‌కి హైదరాబాద్ నుంచి, సింగపూర్ నుంచి, మెల్‌బోర్న్ నుంచి వస్తున్నాయి. మూడుకి మూడు సరిపోయింది. మిగతా ఊళ్లు మీరే లెక్కేసుకోండి, అన్నీ సరిపోతాయి. ఒకటే షరతు. గొలుసు వేశాక మధ్యలో ఎవరైనా "నేను మానుకుంటున్నా" అంటే ఆ పేరు తీసేసి పైవాళ్లని కిందివాళ్లకి కలపాలి. అప్పుడు కూడా లెక్క నిలుస్తుంది, ఆ దేశంలో ఇచ్చేవాళ్లూ తీసుకునేవాళ్లూ ఒక్కొక్కరు తగ్గుతారు, అంతే.

ఈ వరస చూసే మనిషి ఆటలో ఉండకూడదు. మీరు నిర్వహిస్తున్నారు కాబట్టి మీరు చూస్తే మీ శాంటా ఎవరో మీకు తెలిసిపోతుంది. మేం హెచ్‌ఆర్‌లో ఒకావిడని అడిగాం. ఆవిడకి పట్టేది మహా అయితే రెండు గంటల పని. అందరికీ విడివిడిగా మెసేజ్ పెట్టడం, తర్వాత లింకులు అటూ ఇటూ చేరవేయడం. ఎవరూ దొరక్కపోతే ఈ ఏడాదికి మీరే ఆటలోంచి తప్పుకోండి. అప్పుడు పదమూడు మందవుతారు, హైదరాబాద్‌కి అయిదు.

కొనే పని ఎలా జరుగుతుందంటే, ఇద్దరు అంతకంటే ఎక్కువ ఉన్న ప్రతి ఊళ్లో ఒక కొనుగోలుదారు ఉంటాడు. మేం వాళ్లని సరదాగా 'కిరాణా కొట్టు' అని పిలుస్తాం. సింగపూర్ అమ్మాయి డాలస్ అతనికి ఏదో ఎంచింది. అక్కడి ఆన్‌లైన్ స్టోర్ లింకు హెచ్‌ఆర్ ఆవిడకి పంపింది. ఆవిడ పంపినవాళ్ల పేరు తీసేసి డాలస్ కొట్టుకి ఇచ్చింది. కొట్టువాడు ఆర్డర్ పెట్టాడు. మరి కొట్టువాడి గిఫ్ట్ ఎవరు కొనాలి? అదే ఊళ్లో ఇంకొకరు, ఆ ఒక్క గిఫ్ట్ వరకు. లండన్‌లో ఇద్దరే కాబట్టి ఒకరిది ఒకరు కొంటారు. ఏం కొన్నారో తెలుస్తుంది గానీ ఎవరు ఇచ్చారో తెలియదు, ఆట చెడదు.

చిక్కంతా ఒక్కరే ఉన్న ఊళ్లతో. బెర్లిన్ అతను తన గిఫ్ట్ తనే ఆర్డర్ పెట్టుకుంటే ఇంక శాంటా ఎందుకు? దీనికి గిఫ్ట్ కార్డు వాడతాం. బెర్లిన్ అతను అక్కడి స్టోర్ గిఫ్ట్ కార్డు ఒకటి కొని, కోడ్ హెచ్‌ఆర్ ఆవిడకి ఇస్తాడు. ఆవిడ దాన్ని అతని శాంటాకి ఇస్తుంది. శాంటా ఆ దేశపు సైట్‌లో ఆ కోడ్‌తో కొని బెర్లిన్ అడ్రసుకి పంపిస్తాడు. గిఫ్ట్ కార్డు ఏ దేశంలో కొంటే ఆ దేశపు సైట్‌లోనే చెల్లుతుంది. మామూలుగా అందరూ తిట్టుకునే విషయమే, ఇక్కడ మనకి పనికొస్తుంది. హైదరాబాద్‌లో ఉన్న శాంటా తన బ్యాంకు కార్డు వాడక్కర్లేదు. అదీ లాభమే, ఎందుకంటే మన బ్యాంకు కార్డుల్లో అంతర్జాతీయ లావాదేవీలు మనం ఆన్ చేసుకుంటే గానీ పనిచేయవు, ఆన్ చేసినా పైన బ్యాంకు మార్కప్ ఛార్జీ పడుతుంది. ఒక్కోసారి కొత్త అకౌంట్‌లో వేరే దేశం నుంచి కోడ్ వేస్తే సైట్‌వాళ్లు అనుమానంతో ఆపుతారు. అందుకని ఆఖరి రోజు దాకా ఆగకుండా కోడ్‌ని ముందే అకౌంట్‌లో వేసి, బ్యాలెన్స్ కనిపించిందో లేదో చూసుకోమనండి. కనిపించకపోతే హెచ్‌ఆర్ ఆవిడ తన పరిచయస్తులెవరైనా ఆ దేశంలో ఉంటే వాళ్లతో పెట్టిస్తుంది. మాకు ఒక ఏడాది సింగపూర్‌కి అలాగే అయింది, వేరే టీమ్ అతను పెట్టాడు.

మరి హైదరాబాద్‌కి కూడా గిఫ్ట్ కార్డులే వాడొచ్చు కదా అంటారేమో. వద్దు. మన సైట్లలో చాలా చోట్ల భారత్ మొబైల్ నంబరుకి ఓటీపీ వస్తే గానీ అడుగు ముందుకి పడదు. డాలస్ అతని దగ్గర ఆ నంబరు ఎక్కడుంటుంది? ఇక్కడ ఆరుగురు ఉన్నారు, కొట్టు పద్ధతే హాయి.

డబ్బు సంగతిలో మీరు పెట్టుకున్న 1,500 రూపాయలని అన్ని దేశాలకీ మారకం చేసి పెట్టకండి. దాన్ని డాలర్లలోకి మారిస్తే పదిహేడు దాటితే ఎక్కువ. అమెరికాలో దాంతో, పైన సేల్స్ ట్యాక్స్, డెలివరీ పోగా, చెప్పుకోదగ్గది రావడం కష్టం. ఇక్కడ మాత్రం 1,500కి మంచి పుస్తకాలు రెండు, ఇత్తడి దీపం, కాటన్ దుప్పటి ఏదైనా వస్తుంది. డబ్బు దేశం దాటడం లేదు కాబట్టి ఏ దేశం హద్దు ఆ దేశానికే పెట్టుకోవచ్చు. మేం పెట్టుకునేది ఇక్కడ 1,500 రూపాయలు, అక్కడ 25 డాలర్లు, 20 పౌండ్లు, 25 యూరోలు, సింగపూర్‌కి 30, ఆస్ట్రేలియాకి 35 వాళ్ల డాలర్లలో. ఈ అంకె ఆర్డర్ చివర్లో కనిపించే మొత్తం, అంటే పన్ను, డెలివరీ, ప్యాకింగ్ అన్నీ కలిపి. వస్తువు ధర అని చెబితే అమెరికాలో ఒకలా, యూరప్‌లో ఒకలా అర్థం చేసుకుంటారు. అమెరికాలో పన్ను విడిగా వేస్తారు, ఇక్కడా యూరప్‌లోనూ ధరలోనే ఉంటుంది. ఏ హద్దు ఎంతుండాలో ఆ ఊరివాళ్లనే అడగండి. "మీ దగ్గర మొహమాటం లేకుండా ఇచ్చే గిఫ్ట్ ఎంతలో వస్తుంది?" అంటే చాలు, వాళ్లే చెబుతారు.

ఇది సొంత డబ్బుతో అయితేనే ఇంత తేలిక. కంపెనీ డబ్బిస్తానంటే సంతోషమే గానీ ముందు పేరోల్ వాళ్లని అడగండి. అమెరికాలో కంపెనీ తన ఉద్యోగికి ఇచ్చే గిఫ్ట్ కార్డుని ఎంత చిన్నదైనా నగదుతో సమానంగా చూసి జీతంలో కలిపి పన్ను వేస్తారు. ఈ సరదాకి అంత కాగితం పని అవసరమా అనిపించి మేం కంపెనీ డబ్బు వద్దన్నాం.

అడ్రసులు ఫారంలో తీసుకునేటప్పుడు ఒకటి చెప్పండి, మీ ఊళ్లో పార్శిల్ తెచ్చే మనిషికి ఏం కావాలో అదే రాయమని. బెర్లిన్‌లో ఫ్లాట్ నంబర్ల అలవాటు అంతగా లేదు, కింద గుమ్మం దగ్గర బెల్‌ల మీద ఇంటిపేర్లు ఉంటాయి. మీ అతను వేరేవాళ్ల పేరున్న ఇంట్లో అద్దెకి ఉంటే ఆ బెల్ మీది పేరు కూడా అడ్రసులో ఉండాలి, లేకపోతే పార్శిల్ వెనక్కి పోతుంది. సింగపూర్‌లో అంతస్తు, యూనిట్ నంబరు ముఖ్యం. మన దగ్గర ఇంటి నంబరు 8-3-ఏదో రాస్తే ఎవరికీ దొరకదు, ఫోన్ నంబరు, పక్కనున్న గుడో బేకరీయో కావాలి. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర సెక్యూరిటీ ఫోన్ చేసి "డెలివరీ పంపమంటారా" అని అడుగుతాడు కాబట్టి అందుకునేవాళ్ల నంబరే ఇవ్వాలి, కొట్టువాడిది కాదు. ఫారంలోనే ఇంకో ప్రశ్న పెట్టండి, నాకు వద్దనేవి ఏమిటని. ఏం కావాలని అడిగితే మనవాళ్లు "ఏదైనా పర్లేదండి" అని రాస్తారు. వద్దనేవి అడిగితే మాత్రం కొవ్వొత్తులు, చాక్లెట్లు, మరో మగ్ అని చకచకా రాసేస్తారు.

తేదీల విషయానికొస్తే, కాల్ ఎప్పుడో ముందు ఖాయం చేసి వెనక్కి లెక్కేయండి. డిసెంబరు మూడో వారం దాటితే డాలస్, లండన్ వాళ్లు సెలవుల్లో ఉంటారు. కాల్ డిసెంబరు 18 అనుకుంటే నవంబరు చివర్లో గొలుసు, డిసెంబరు 3కి లింకులు, 8 లోపు ఆర్డర్లు. ఇంకా ముందు కొంటే కూడా ఇబ్బందే. విరిగిందో, సైజు సరిపోలేదో అయితే వాపసు గడువు కాల్‌కి ముందే అయిపోవచ్చు. ఆర్డర్ పెట్టేటప్పుడు గిఫ్ట్ అని టిక్ పెట్టి బిల్లు లోపల రాకుండా చూడమనండి. కొన్ని వస్తువులు సొంత పెట్టెలోనే వస్తాయి, పైన బొమ్మ కూడా ఉంటుంది, అలాంటివాటికి ఏమీ చేయలేం. డిసెంబరు 15న హెచ్‌ఆర్ ఆవిడ అందరినీ ఒక్క ప్రశ్న అడగాలి, "పెట్టె చేతికి వచ్చిందా?" అని. సైట్‌లో డెలివర్డ్ అని కనిపించడం వేరు, పక్కింటివాళ్ల దగ్గర ఉండిపోవడం వేరు. 15న తెలిస్తే ఇంకా మూడు రోజులుంటాయి, స్థానికంగా మళ్లీ కొనొచ్చు. పార్శిల్ దేశం దాటి ఉంటే ఈ మూడు రోజులకి అర్థమే ఉండదు.

ఇంత చెప్పినా మీ టీమ్‌లో ఒకరైనా అంటారు, "డాలస్‌లో మన తెలుగువాడు ఉన్నాడు, వాడికి పచ్చడి పంపకపోతే ఎలా?" అని. పంపండి, కానీ ఆటకి బయట. ఆటలోకి తెస్తే ఒకడికి ఆవకాయ, ఇంకొకడికి సాక్సులు అని పోలికలు వస్తాయి. అమీర్‌పేట, కూకట్‌పల్లి వైపు విదేశాలకి పచ్చళ్లు, పిండివంటలు సీల్ చేసి పంపే కొరియర్లు చాలా ఉన్నాయి, వాళ్లకి ఈ పని అలవాటు. మాంసం ఉన్నవి మాత్రం జోలికి పోకండి. మా వాడొకడు నాటుకోడి పచ్చడి పంపాడు, అక్కడ పట్టుకుని పారేశారు, పోయింది కోడి ఒక్కటే కాదు, దాంతో పాటు పెట్టెలో ఉన్న పూతరేకులు కూడా మూడు వారాలు ఆలస్యంగా పొడి అయి చేరాయి. యూరప్‌కి మాంసంతో పాటు పాలతో చేసినవీ పార్శిల్‌లో పనికిరావు. చార్మినార్ అత్తరు పంపుదామనే ఆలోచన చాలామందికి వస్తుంది. మండే ద్రవం అన్న అనుమానంతో అత్తర్లని, సెంట్లని కొరియర్‌లో మామూలుగా తీసుకోరు. పవర్ బ్యాంకుదీ అదే పరిస్థితి, బ్యాటరీ కాబట్టి. ఎవరైనా డిసెంబరులో ఆ దేశం వెళ్తుంటే పచ్చళ్లూ స్వీట్లూ సూట్‌కేసులో పెట్టడం అన్నిటికంటే తేలిక, అయితే దిగాక తినే వస్తువులున్నాయని రాసివ్వమని చెప్పండి. రాసిచ్చి పోగొట్టుకుంటే స్వీటు పోతుంది, దాచి దొరికితే జరిమానా పడుతుంది.

అన్నిటికంటే తేలిగ్గా దేశం దాటేది కాగితం. మేం ప్రతి గిఫ్ట్‌తో పాటు చేత్తో రాసిన ఒక పేజీ ఉత్తరం ఉండాలని పెట్టుకున్నాం. మామూలు కవరులో ఎయిర్ మెయిల్‌లో వేయొచ్చు, సుంకం గొడవ ఉండదు. ఉత్తరం ఆలస్యమైతే అవుతుంది, అందుకని దాన్ని ఫోటో తీసి హెచ్‌ఆర్ ఆవిడకి ముందే ఇస్తే కాల్‌లో ఆవిడ చదువుతుంది. మా బెర్లిన్ అతనికి వచ్చిన ఇయర్‌ఫోన్లు ఏడాదిలో పాడయ్యాయి, ఉత్తరం మాత్రం ఇప్పటికీ అతని వీడియోలో వెనక గోడకి కనిపిస్తుంది.

కాల్ టైమ్ ఒక్కటీ ఎంత తిప్పినా కుదరదు. హైదరాబాద్‌లో సాయంత్రం ఏడున్నర అంటే డాలస్‌లో ఉదయం ఎనిమిది, లండన్‌లో మధ్యాహ్నం రెండు, బెర్లిన్‌లో మూడు, సింగపూర్‌లో రాత్రి పది. మెల్‌బోర్న్‌లో అర్ధరాత్రి దాటి ఒంటిగంట. ఆ ఒక్కరిని ముందే గిఫ్ట్ విప్పేసి వీడియో పంపమనండి, కాల్‌లో మొదట అదే వేయండి. మా మెల్‌బోర్న్ అమ్మాయి, ఆ ఏనుగు గొడవ జరిగిన మరుసటి ఏడాది నుంచీ అలాగే పంపుతోంది, వెనక అల్మారాలో ఆ అంబారీ కనిపిస్తూనే ఉంటుంది, గొడుగు కొంచెం వంకరగా.